గురువారం అబ్జర్వేషన్: ఆరో తరగతి విజాతి భిన్నాల కూడిక, లక్ష్యాలు కృత్యాలు మూల్యాంకనం ఒకదానితో ఒకటి కలవట్లేదంటున్నారు

సుజాత_ఇంటర్న్ (సోమవారం రాత్రి 8:40)

అందరికీ నమస్కారం. నేను బీఈడీ రెండో సంవత్సరం, మ్యాథ్స్ మెథడ్. ఇంటర్న్‌షిప్ మొదలై ఇది నాలుగో వారం, నాకు ఇచ్చింది ఒక జెడ్పీ హైస్కూల్. గురువారం మూడో పీరియడ్‌కి మా కాలేజీ నుంచి సూపర్‌వైజర్ గారు వచ్చి వెనక కూర్చుని చూస్తారు. ఆరో తరగతి, 38 మంది, పాఠం విజాతి భిన్నాల కూడిక, ఒక్క పీరియడ్ 45 నిమిషాలు.

ప్లాన్ రాసి ఈరోజు చూపించాను. సార్ మొత్తం చదివి ఒకే మాట అన్నారు, "లక్ష్యం ఒక దారి, కృత్యం ఒక దారి, మూల్యాంకనం ఇంకో దారి పోతున్నాయమ్మా, కలిపి తీసుకురా" అని. ఎలా కలపాలో అడిగేలోపు ఆయనకి వేరే స్కూల్‌కి టైమ్ అయిపోయింది. మా మెంటార్ టీచర్ సెలవులో ఉన్నారు.

ప్లాన్‌లో ఏముందో చెప్తాను. లక్ష్యాలు తొమ్మిది రాశాను. విద్యార్థి విజాతి భిన్నాల గురించి జ్ఞానం పొందుతాడు, అవగాహన చేసుకుంటాడు, నిత్యజీవితంలో వినియోగిస్తాడు, గణితం పట్ల ఆసక్తి పెంచుకుంటాడు, ఇలా. కృత్యాలు: చార్ట్ చూపించి క.సా.గు. పద్ధతిలో బోర్డు మీద మూడు లెక్కలు చేయడం, తర్వాత గ్రూపుల్లో రంగు కాగితాలతో భిన్నాలు తయారు చేయించడం. మూల్యాంకనం: విజాతి భిన్నాలు అనగానేమి, సజాతి భిన్నాలు అనగానేమి, 2/3 + 1/4 ఎంత.

ఎక్కడ తప్పుతుందో ఎవరైనా చెప్పగలరా. రెండు రోజులే ఉంది.

రాజు_పాతబ్యాచ్ (సోమవారం రాత్రి 9:05)

అక్కా భిన్నాలు దశాంశాలు కలిపి ఒకే యూనిట్ కదా, ముందు యూనిట్ ప్లాన్‌లో ఎన్ని పీరియడ్లు దేనికి అని పంచుకుని అది వార్షిక ప్రణాళికతో సరిపోయేలా చూసుకో, మాకు రికార్డ్ సబ్మిట్ చేసేటప్పుడు అక్కడే పట్టుకున్నారు, యూనిట్ ప్లాన్‌లో ఒక తేదీ పీరియడ్ ప్లాన్‌లో ఇంకో తేదీ ఉందని మొత్తం మళ్ళీ రాయించారు.

సుజాత_ఇంటర్న్ (సోమవారం రాత్రి 9:11)

థాంక్స్ తమ్ముడూ, తేదీలు చూసుకుంటా. కానీ నా ప్రశ్న రికార్డ్ గురించి కాదు, ఆ ఒక్క పీరియడ్ లోపల మూడు భాగాలు ఎలా కలవాలి అని.

శ్రీనివాస్_మెథడ్స్ (సోమవారం రాత్రి 9:30)

నేను ప్రైవేట్ కాలేజీలో మెథడ్స్ చెప్తాను. మీ లక్ష్యాల్లో స్పష్టీకరణలు లేవు, అదే సమస్య. జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం నాలుగూ ఉండాలి, ఒక్కోదానికి కనీసం రెండు స్పష్టీకరణలు: గుర్తిస్తాడు, నిర్వచిస్తాడు, పోలుస్తాడు, వర్గీకరిస్తాడు, ఇలా క్రియాపదంతో ముగియాలి. "జ్ఞానం పొందుతాడు" అని వదిలేస్తే అది కొలవలేని మాట. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు చూసేది అదే.

ఇంకో విషయం, అబ్జర్వేషన్ రోజు ప్రయోగాలు వద్దు. అడ్డగుణకారం నేర్పండి, లవం ఒకటి అటు హారంతో, ఇంకోటి ఇటు హారంతో, కింద హారాలు రెండూ గుణించాలి. ఐదు నిమిషాల్లో పిల్లలు కరెక్ట్ ఆన్సర్లు తెస్తారు, మూల్యాంకనం బాగా వస్తుంది, సూపర్‌వైజర్ తృప్తి పడతారు.

రమణమ్మ_లెక్కలు (సోమవారం రాత్రి 10:20)

సుజాతా, నేను స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్‌ని, ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఈ పాఠం ఆరో తరగతికి దాదాపు ప్రతి ఏడూ చెప్పాను. శ్రీనివాస్ గారు చెప్పిన మొదటి మాట నిజం, "అవగాహన చేసుకుంటాడు" అంటే నువ్వు వెనక బెంచీ పిల్లాణ్ణి చూసి అయ్యిందో లేదో చెప్పలేవు, అందుకని చేసి చూపించే పని రాయాలి. కానీ ఎనిమిది స్పష్టీకరణలు 45 నిమిషాల్లో ఎవరూ పరీక్షించలేరమ్మా. కాలేజీ ఫార్మాట్ అడుగుతుంది కాబట్టి రాయి, వాటిలో రెండింటి పక్కన మాత్రం ఎర్ర పెన్నుతో చుక్క పెట్టుకో. ఆ రెండే నీ పాఠం.

ఏ రెండు అనేది పిల్లలు చేసే తప్పే చెప్తుంది. రేపు మంగళవారం ఆ క్లాసుకి వెళ్తావు కదా, చివరి రెండు నిమిషాలు బోర్డు మీద 1/2 + 1/3 అని రాసి, ఏమీ చెప్పకుండా చీటీ మీద జవాబు రాయించి తీసుకో. నాకు తెలిసి సగానికి పైగా 2/5 రాస్తారు, పైనవి పైన కూడి కిందవి కింద కూడతారు. అది అజాగ్రత్త కాదు, వాళ్ళకి భిన్నం అంటే రెండు వేర్వేరు అంకెలు, మధ్యలో ఒక గీత, అంతే. సజాతి భిన్నాలు 2/7 + 3/7 కరెక్ట్‌గా చేస్తారు, ఎందుకంటే అక్కడ హారం ముట్టుకోవద్దని చెప్పి ఉంటారు.

ఇప్పుడు నీ ప్లాన్ చూడు. మూల్యాంకనంలో "విజాతి భిన్నాలు అనగానేమి" అని అడిగావు. 2/5 రాసిన పిల్లాడు కూడా హారాలు వేరుగా ఉన్నవి టీచర్ అని చక్కగా చెప్తాడు. అంటే నీ ప్రశ్న ఆ తప్పుని పట్టుకోలేదు. రంగు కాగితాల కృత్యం బోర్డు లెక్కల తర్వాత పెట్టావు, అప్పటికి పద్ధతి చెప్పేశావు, ఇక కాగితం దేనికి? మీ సార్ అన్నది ఇదే అనుకుంటున్నా.

నేనైతే రెండు లక్ష్యాలు ఇలా రాస్తాను. ఒకటి, విద్యార్థి రెండు విజాతి భిన్నాలను ఒకే సైజు ముక్కలుగా మార్చి, బొమ్మ గీసి, కూడుతాడు. రెండు, హారాలు కూడి తెచ్చిన జవాబు ఎందుకు కుదరదో కారణం చెప్తాడు. మన విద్యా ప్రమాణాల్లో మొదటిది ప్రాతినిధ్యపరచడం కిందకి, రెండోది కారణాలు చెప్పడం నిరూపించడం కిందకి వస్తాయి, కాబట్టి ఫార్మాట్‌లో కూడా ఇముడుతుంది.

అడ్డగుణకారం గురించి: జవాబు వస్తుంది, నేను కాదనను. కానీ 5/6 తెచ్చిన పిల్లాణ్ణి 2/5 ఎందుకు తప్పు అని అడిగితే మీరు చెప్పింది అది కాదు కదా టీచర్ అంటాడు. మూడు భిన్నాలు ఇస్తే ఏది దేంతో గుణించాలో తెలీక ఆగిపోతాడు. కృత్యం ఎలా చేయించాలో రేపు రాస్తాను, టైప్ చేయడానికి కొంచెం టైమ్ కావాలి.

నవీన్_పీఎస్ (సోమవారం రాత్రి 10:48)

నేను కూడా ఇంటర్న్‌నే, మాది కరీంనగర్ జిల్లా, ఫిజికల్ సైన్స్. మేడం చెప్పింది చదివినంక నా పాఠం యాదికొచ్చింది. ఏడో తరగతికి ఆమ్లాలు క్షారాలు చెప్పిన. పసుపు కాగితాలు చేసుకొచ్చిన, పిల్లలు సబ్బు నీళ్ళల్ల ముంచితే ఎర్రగ అయితుంటే మస్తు సంతోషపడ్డరు, నిమ్మరసంల ముంచితే మారలే, క్లాసంత లొల్లి లొల్లి. చివరికి నేనేమడిగిన? క్షారం అంటే ఏమిటి, రెండు ఉదాహరణలు చెప్పు. పుస్తకంల చూసి చదివిండ్రు. అప్పుడు సార్ లేచి ఒక గ్లాసుల ఏదో నీళ్ళు పోసి, ఇది ఏందో మీ దగ్గరున్న కాగితంతోని చెప్పుండ్రి అన్నడు. సగం మంది ముంచి, రంగు మారలేదు కాబట్టి ఇది ఆమ్లం అన్నరు. అది ఉత్త మంచినీళ్ళు. పసుపు క్షారాన్నే పడుతుంది, ఆమ్లాన్నీ నీళ్ళనీ వేరు చెయ్యదు అన్నది నేను కృత్యంల చెప్పనే లేదు. చేసిన పనికి సంబంధించిన ప్రశ్న అడిగితేనే ఏం రాలేదో బయటపడ్డది.

సుజాత_ఇంటర్న్ (మంగళవారం సాయంత్రం 5:15)

రమణమ్మ మేడం, చీటీలు రాయించాను. ఈరోజు 35 మంది వచ్చారు. 2/5 రాసినవాళ్ళు 22 మంది. 5/6 రాసినవాళ్ళు నలుగురు, ఆ నలుగురూ ట్యూషన్‌కి వెళ్తారు. మిగతావాళ్ళు 1/5 అని, 2/6 అని ఏవేవో. నేను మూడు నాలుగు మందే ఉంటారు అనుకున్నాను, నిజంగా భయం వేసింది.

నవీన్ గారూ, మీ మంచినీళ్ళ సంగతి నాకు బాగా ఉపయోగపడింది.

రమణమ్మ_లెక్కలు (మంగళవారం రాత్రి 9:40)

ఆ 22 చీటీలు దాచుకో, అదే నీ పూర్వజ్ఞాన పరీక్ష, ప్లాన్‌లో రాసుకో.

సందర్భం ఒక చేను తీసుకో. పిజ్జా, కేకు వద్దు, గుండ్రటి బొమ్మలో మూడు సమాన భాగాలు పిల్లలు గీయలేరు. ఒక రైతు తన చేనులో 1/2 వంతు మిరప, 1/3 వంతు పత్తి వేశాడు, మొత్తం ఎంత వంతులో పంట ఉంది, ఎంత ఖాళీగా ఉంది? చేను దీర్ఘచతురస్రం, కాగితం కూడా దీర్ఘచతురస్రం, పిల్లలకి వెంటనే కనిపిస్తుంది.

కాగితం 12 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు కోయి. ఒక ఏ4 కాగితంలో నాలుగు వస్తాయి, 38 మందికి పది కాగితాలు చాలు. జతకి రెండు ముక్కలు. సగానికి మడవడం వాళ్ళకి వచ్చు కానీ మూడు సమాన భాగాలకి మడవడం రాదు, అక్కడే పది నిమిషాలు పోతాయి, నేను చాలాసార్లు పోగొట్టుకున్నాను. అందుకని నువ్వే ఈ రాత్రి ప్రతి ముక్క మీద 12 సెంటీమీటర్ల అంచున 4 దగ్గర, 8 దగ్గర పెన్సిల్‌తో చుక్కలు పెట్టి ఉంచు.

మొదటి పిల్లాడు కాగితాన్ని వెడల్పు సగమయ్యేలా మడిచి ఒక సగానికి రంగు వేస్తాడు, 12 పొడవు 4 వెడల్పు పట్టీ వస్తుంది, అది మిరప. రెండో పిల్లాడు చుక్కల దగ్గర మూడుగా మడిచి ఒక భాగానికి రంగు వేస్తాడు, అది 4 కి 8, పత్తి. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టించి ఒకే ప్రశ్న అడుగు, "ఇదొక ముక్క, ఇదొక ముక్క, కలిపితే రెండు ముక్కలు. ఏం ముక్కలు?" అని. ఎవరూ చెప్పలేరు, సైజులు వేరు కదా. ఆ నిశ్శబ్దం రానివ్వు. నువ్వు జవాబు చెప్పకు. పాఠం మొత్తానికి అదే ముఖ్యమైన నిమిషం.

తర్వాత మొదటి పిల్లాడి కాగితాన్ని మూడుగా, రెండో పిల్లాడి కాగితాన్ని సగానికి మడిపించు. రెండిట్లోనూ 4 సెంటీమీటర్ల చదరాలు ఆరేసి వస్తాయి. మిరప మూడు చదరాలు, పత్తి రెండు చదరాలు. ఇప్పుడు ముక్కలన్నీ ఒకే సైజు కాబట్టి లెక్కపెట్టొచ్చు. 3/6 + 2/6. ఇది బోర్డు మీద రాసేటప్పుడు 1/2 = 3/6 అన్న లైను కాగితం చేత్తో పట్టుకుని చూపిస్తూ రాయి, పిల్లలకి సమాన భిన్నం అక్కడ కనిపించాలి.

దాని వెంటనే చీటీల్లో వచ్చిన 2/5 బోర్డు మీద పెట్టు. ఎవరు రాశారో పేరు చెప్పొద్దు. అర చేనులో మిరప ఉంది, పత్తి కూడా కలిపాం, 2/5 అంటే సగం కన్నా ఎక్కువా తక్కువా? అయిదులో సగం రెండున్నర, రెండు అంతకంటే తక్కువ. కలిపితే తగ్గిందా? ఇది వాళ్ళు తమ నోటితో అనాలి.

టైమ్ కాగితం మీద 45 కానీ నువ్వు 40 కే వేసుకో, ముందు పీరియడ్ టీచర్ బయటకి రావడం, హాజరు, వీటికి నాలుగైదు పోతాయి. సజాతి భిన్నం ఒకటి అడగడం, చేను కథ కలిపి 6, కాగితం పని 15, బోర్డు మీద రాయడం, 2/5 గురించి మాట్లాడటం 9, జతల్లో ఒక లెక్క 4, చివరి చీటీ 6. "అర్థమైందా" అని అడగొద్దు, అర్థమైంది టీచర్ అని బృందగానం వస్తుంది, దానివల్ల నీకు ఏమీ తెలీదు.

చీటీలో రెండే ప్రశ్నలు. 1/4 + 2/3, బొమ్మ గీసి చెయ్యి. రెండోది, రవి 1/2 + 1/4 = 2/6 అని రాశాడు, ఒప్పా తప్పా, నీకు ఎలా తెలిసింది? నీ రెండు ఎర్ర చుక్కలకి ఇవి సూటిగా సరిపోతాయి.

శ్రీనివాస్_మెథడ్స్ (మంగళవారం రాత్రి 10:10)

మేడం, కృత్యం బాగుంది, ఒప్పుకుంటున్నా. నాకొక అభ్యంతరం ఉంది. ఈ అడ్డం నిలువు మడత ఎప్పుడూ రెండు హారాల లబ్ధాన్నే ఇస్తుంది, క.సా.గు. ఇవ్వదు. 3/4 + 1/6 చేయిస్తే 24 చదరాలు వస్తాయి, 18/24 + 4/24 = 22/24, మళ్ళీ సూక్ష్మీకరించాలి. పుస్తకం 12 తీసుకుని 9/12 + 2/12 = 11/12 అంటుంది. పిల్లలు రేపు పరీక్షలో క.సా.గు. స్టెప్ రాయకపోతే మార్కులు పోతాయి.

రమణమ్మ_లెక్కలు (మంగళవారం రాత్రి 10:25)

కరెక్టే, అది ఈ పద్ధతికున్న హద్దు. అందుకే మొదటి రోజు 2, 3 లాంటి హారాలే తీసుకోవాలి, అక్కడ లబ్ధమూ క.సా.గు. రెండూ ఒకటే. ఇంకొకటి, మొత్తం ఒకటి దాటే లెక్కలు కూడా మొదటి రోజు వద్దు, 1/2 + 2/3 ఇస్తే 7/6 వస్తుంది, ఒక కాగితంలో పట్టదు. రెండో రోజు 24 చదరాల కంటే తక్కువతో పని జరుగుతుందా అని వాళ్ళనే అడిగితే క.సా.గు. ఎందుకు కావాలో వాళ్ళకే తెలుస్తుంది అని నా అభిప్రాయం.

శ్రీనివాస్_మెథడ్స్ (మంగళవారం రాత్రి 10:31)

రెండో రోజుకి వాయిదా వేసే వీలు రెగ్యులర్ టీచర్‌కి ఉంటుంది, ఇంటర్న్‌కి మెంటార్ ఇచ్చిన పీరియడ్లే ఉంటాయి. నేనైతే చివరి ఐదు నిమిషాల్లో క.సా.గు. ఒక్కసారి చూపించమంటాను. ఇక్కడ మనిద్దరికీ కుదరదు లెండి.

ఫాతిమా_టీచర్ (బుధవారం ఉదయం 7:20)

సుజాతా, చిన్న విషయం ఒకటి. మీ స్కూల్ ఇంగ్లీష్ మీడియం అయితే పిల్లల నోట్లో న్యూమరేటర్ డినామినేటర్ అనే ఉంటాయి, పుస్తకం ద్విభాషా పుస్తకం అయినా తెలుగు పేజీ చూడరు. నేను లవం హారం అన్నాను, ముందు బెంచీ వాళ్ళు తప్ప ఎవరూ పలకలేదు, హారం అంటే మెడలో వేసుకునేది అనుకున్నారు కొందరు. మొదట్లోనే రెండు పేర్లూ బోర్డు పక్కన రాసి ఉంచు.

సుజాత_ఇంటర్న్ (బుధవారం రాత్రి 11:05)

కాగితాలు కోశాను, చుక్కలు పెట్టాను, రెండు పేర్లూ బోర్డు పక్కన రాయాలని ప్లాన్‌లోనే రాసుకున్నాను. ఫార్మాట్‌లో లక్ష్యాలు ఎనిమిది ఉంచి రెండింటికి చుక్క పెట్టాను. క.సా.గు. పెట్టలేదు. శ్రీనివాస్ సార్, క్షమించండి, నాకు టైమ్ సరిపోదు అనిపించింది.

సుజాత_ఇంటర్న్ (గురువారం సాయంత్రం 6:30)

అయిపోయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

36 మంది వచ్చారు. కాగితం పని 15 వేసుకుంటే 19 పట్టింది, రంగు పెన్సిళ్ళు అందరి దగ్గరా లేవు, అది నేను ముందే చూసుకోవాల్సింది. ఏం ముక్కలు అని అడిగినప్పుడు మేడం చెప్పినట్టే నిశ్శబ్దం వచ్చింది, నాకు గుండె దడదడలాడింది కానీ ఆగాను. కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి, "టీచర్, ఇది పొడుగు ముక్క అది పొట్టి ముక్క, ముందు రెండూ సమానంగా కోయాలి" అంది. ఆ మాటనే బోర్డు మీద రాశాను.

తర్వాత నేను ఊహించనిది జరిగింది. చదరాలు వచ్చాక మొత్తం ఎంత అని అడిగితే ఒక జత 5/12 అన్నారు, వెనక నుంచి ఇంకో రెండు జతలు కూడా అవును టీచర్ 5/12 అన్నాయి. ఎందుకు అని అడిగితే లెక్కపెట్టి చూపించారు. ఈ కాగితంలో ఆరు, ఆ కాగితంలో ఆరు, మొత్తం పన్నెండు, రంగు వేసినవి అయిదు. వాళ్ళు చేసింది చూస్తే తప్పని ఎలా చెప్పాలో నాకు తోచలేదు. రెండు కాగితాలూ ఒకటే చేను అని నోటితో చెప్పాను, తలూపారు, కానీ ఎక్కిందో లేదో తెలీలేదు.

చివరి చీటీలు ఇవి. మొదటి ప్రశ్న 11/12 అని బొమ్మతో సహా రాసినవాళ్ళు 21. హారాలు కూడి 3/7 రాసినవాళ్ళు 9. 11/24 రాసినవాళ్ళు 4. ఖాళీ 2. ఆ నాలుగు 11/24 లూ ఇందాకటి 5/12 పిల్లలవే, పేర్లు చూశాను. రెండో ప్రశ్నకి తప్పు అన్నవాళ్ళు 30 మంది, కానీ సగం కంటే తగ్గింది కాబట్టి అని కారణం రాసింది 13 మందే, మిగతా 17 మంది హారాలు కూడకూడదు అని రాశారు.

సూపర్‌వైజర్ సార్ ఇప్పుడు మూడూ ఒకే దారిలో ఉన్నాయన్నారు. కానీ రెండో లక్ష్యం నెరవేరిందని రాయొచ్చా అని అడిగితే నువ్వే ఆలోచించి రాయి అన్నారు.

రమణమ్మ_లెక్కలు (గురువారం రాత్రి 9:15)

5/12 సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది సుజాతా, రెండు కాగితాలు చేతికిచ్చినప్పుడు అది వచ్చే తప్పే. పిల్లాడికి కళ్ళ ముందు రెండు చేలు ఉన్నాయి, అందుకని పన్నెండు అన్నాడు, వాడి లెక్క వాడికి సరైనదే. రెండూ ఒకటే చేను అన్న మాట చెవికి చెప్తే సరిపోదు, చేత్తో చేయించాలి. పత్తి కాగితంలోని రెండు రంగు చదరాలని కత్తెరతో కోయించి, మిరప కాగితంలో ఖాళీగా ఉన్న మూడు చదరాల్లో రెండింటి మీద పెట్టించు. 4 సెంటీమీటర్ల చదరాలే కాబట్టి అంచుకి అంచు సరిపోతాయి. ఒక్క చదరం ఖాళీగా మిగులుతుంది, అదే ఏ పంటా లేని 1/6. అప్పుడు పన్నెండు అని ఎవరూ అనరు, ఎందుకంటే ఎదురుగా ఉండేది ఒకే కాగితం.

రెండో లక్ష్యం నా లెక్కలో నెరవేరలేదు. హారాలు కూడకూడదు అనేది నియమం, కారణం కాదు. మొన్న పైవి పైన కిందవి కింద కూడమనే నియమం పట్టుకున్నారు, ఈరోజు దాని బదులు ఇంకోటి పట్టుకున్నారు.

శ్రీనివాస్_మెథడ్స్ (గురువారం రాత్రి 9:40)

నేను ఒప్పుకోను మేడం. మంగళవారం 35 మందిలో 22 మంది హారాలు కూడారు, ఈరోజు 36 మందిలో 9 మంది. పదకొండేళ్ళ పిల్లలు మొదటి పీరియడ్‌లో నియమం సరిగ్గా చెప్పడం కూడా ఒక మెట్టే. పాక్షికంగా నెరవేరింది అని రాయొచ్చు.

నవీన్_పీఎస్ (గురువారం రాత్రి 9:52)

అక్కా, ఆ 17 మందిని రేపు ఇంకో తీరుగ అడిగి చూడు. 1/2 + 1/4 = 3/4 కరెక్టేనా, ఎట్ల తెలిసింది అని. నియమం మాత్రమే తెలిసినోళ్ళు దీనికి ఏం రాయాలో తెల్వక ఆగుతరు, ఎందుకంటే ఇక్కడ హారాలు ఎవరూ కూడలే. నేను నీళ్ళ గ్లాసు కాడ గదే నేర్చుకున్న.

సుజాత_ఇంటర్న్ (గురువారం రాత్రి 10:30)

నవీన్ గారి ప్రశ్న రేపటి మొదటి చీటీగా రాసుకున్నాను. ప్లాన్ చివర పునఃపరిశీలన గడిలో, లక్ష్యం ఒకటి 36 మందిలో 21, లక్ష్యం రెండు కారణంతో 13, నియమంతో 17 అని విడివిడిగా రాశాను, నెరవేరింది అనీ లేదు అనీ రాయలేదు. రేపు మొదటి పది నిమిషాలు 3/7 రాసిన తొమ్మిది మందినీ, 11/24 రాసిన నలుగురినీ ముందు వరసలో కూర్చోబెట్టి కత్తెరతో చదరాలు పెట్టిస్తాను. మా మెంటార్ టీచర్ రేపు వస్తున్నారు, ఆవిడ తీసివేతకి వెళ్ళమంటే ఈ పది నిమిషాలు ఎలా అడగాలో తెలీట్లేదు. ఎవరైనా ఇలా అడిగి ఉంటే చెప్పండి. కత్తెరలు ఆరు దొరికాయి.

ఫాతిమా_టీచర్ (గురువారం రాత్రి 10:44)

చీటీల కట్ట చేతిలో పెట్టుకుని వెళ్ళు. నోటితో అడిగే ముందు 3/7, 11/24 రాసిన ఆ పదమూడు చీటీలు పైన ఉండేలా ఆవిడకి ఇవ్వు, చదవనివ్వు.